సార్వాని దాళ్వాతో పోల్చకండి: కంపెనీ ఫలితాల్లో రెండు రకాల పోలికలు

(భీమవరంలో చిన్న మదుపరుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద నేను రాసే అంకెలు అంత దూరం నుంచి కనపడవు.

ముందు ఒక ప్రశ్న. ఒక రైతు సార్వాలో ఎకరానికి 28 బస్తాలు పండించాడు. దాళ్వాలో 42 అయ్యాయి. సాయంత్రం రచ్చబండ దగ్గరికొచ్చి, "నా వ్యవసాయం ఆరు నెలల్లో 50 శాతం పెరిగింది" అన్నాడనుకోండి. మీరేమంటారు? (నవ్వులు) అవును, నవ్వుతారు. దాళ్వాకి ఎండ బాగా కాస్తుంది, తుపాను భయం తక్కువ, ఎప్పుడైనా దిగుబడి ఎక్కువే వస్తుంది. దాళ్వాని పోయినేటి దాళ్వాతో చూడాలి గానీ సార్వాతో చూస్తామా అంటారు. ఈ మాట మీకు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మరి అదే మనిషి ఆగస్టులో ఫోన్ తెరిచి "ఫలానా రొయ్యల మేత కంపెనీ అమ్మకాలు గత త్రైమాసికంతో పోలిస్తే 44 శాతం జంప్" అని చదివి, అరగంటలో షేర్లు కొనేస్తాడు. ఎవరో కాదండి, మా బామ్మర్ది. కంపెనీ పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. మేత సంగతి వాడికి తెలియనిదా అంటే, వాడికి నాలుగు చెరువులున్నాయి! మేత ఎప్పుడు ఎక్కువ లాగుతుందో నాకంటే వాడికే బాగా తెలుసు. చెరువు గట్టు మీద ఉన్న తెలివి స్క్రీన్ ముందుకొచ్చేసరికి ఎటు పోయిందో. తర్వాత మూడు నెలల్లో షేరు దిగింది, వాడు నా మీద అలిగాడు, నాకు ముందే తెలిసీ చెప్పలేదని. ఇవాళ చెప్పబోయేది వాడికి చెప్పాల్సిన మాటలే.

కంపెనీ ఫలితాల కాగితం ఎప్పుడైనా పూర్తిగా చూశారా? వార్త కాదు, ఎక్స్ఛేంజి వెబ్‌సైట్లో కంపెనీ పెట్టే అసలు కాగితం. మన దేశంలో లిస్టయిన కంపెనీలు క్వార్టర్, అంటే మూడు నెలలు, అయిపోయిన 45 రోజుల్లో ఫలితాలు చెప్పాలి. మార్చి క్వార్టర్‌కి మాత్రం, మొత్తం ఏడాది లెక్కలు ఆడిట్ కావాలి కాబట్టి, 60 రోజులు ఇస్తారు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా లెక్కలకి ఆగస్టు 14 గడువు. ఆ కాగితంలో అమ్మకాల వరస చూస్తే పక్కపక్కన మూడు గళ్లు ఉంటాయి. మొదటిది ఈ మూడు నెలలది. రెండోది దీనికి ముందు మూడు నెలలది. మూడోది పోయినేడు ఇవే మూడు నెలలది. మొదటిదాన్ని రెండోదాంతో పోలిస్తే క్వార్టర్ ఆన్ క్వార్టర్, స్క్రీన్ మీద QoQ అని కనిపిస్తుంది. మొదటిదాన్ని మూడోదాంతో పోలిస్తే ఇయర్ ఆన్ ఇయర్, YoY. పేపర్లలో త్రైమాసిక ప్రాతిపదికన, వార్షిక ప్రాతిపదికన అని రాస్తారు. నేను క్వార్టర్ లెక్క, ఏడాది లెక్క అంటాను, నోరు తిరగడానికి సులువు.

కాగితంలో రెండూ ఉండాల్సిందే, దాయడానికి లేదు. కానీ కంపెనీ విడిగా ఇచ్చే ప్రెస్ నోటులో మొదటి లైన్లో ఏది రాసుకోవాలో వాళ్ల ఇష్టం. ఏ పోలిక అందంగా ఉంటే అది పైకొస్తుంది. ఒక క్వార్టర్లో ఏడాది లెక్క రాసి, తర్వాతి క్వార్టర్లో చప్పుడు చేయకుండా క్వార్టర్ లెక్కకి మారిన ప్రెస్ నోటు కనపడితే, నేనైతే అక్కడే ఆగి అసలు కాగితం తెరుస్తాను.

సరే, బోర్డు చూడండి. ఇది నేను కల్పించిన కంపెనీ. మన జిల్లాలోనే ఎక్కడో ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల మేత తయారు చేస్తుంది. అమ్మకాలు కోట్లలో. మొదటి ఏడాది ఏప్రిల్ నుంచి వరసగా నాలుగు క్వార్టర్లు:

390, 315, 225, 270.

రెండో ఏడాది:

429, 378, 264, 306.

ఈ హెచ్చుతగ్గులు ఎందుకొచ్చాయో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో సీడ్ వేస్తారు. పిల్ల చిన్నగా ఉన్నప్పుడు మేత ఎంత తింటుంది? లక్ష పిల్లకి రోజుకి కిలోల్లోనే. ఏప్రిల్, మే వచ్చేసరికి రొయ్య బరువెక్కుతుంది, చెక్ ట్రేలు ఖాళీ అవుతుంటాయి, బస్తాలు లారీల మీద దిగుతాయి. జూన్, జులైల్లో పట్టుబడి. తర్వాత రెండో పంట వేసేవాళ్లు వేస్తారు, వైరస్ భయంతో ఖాళీగా వదిలేసేవాళ్లు వదిలేస్తారు. చలికాలంలో రొయ్య మేత తక్కువ తింటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మేత కంపెనీకి అడుగు. జనవరి నుంచి మళ్లీ లేస్తుంది.

మొదటి ఏడాది ఈ కంపెనీ ఎదుగూ బొదుగూ లేకుండా నడిచిందనుకుందాం. అంటే 390 నుంచి 225కి పడి మళ్లీ 270కి లేచినదంతా ఒట్టి సీజన్. కొత్త డీలర్లు రాలేదు, ఉన్నవాళ్లు పోలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, దీంతోనే పని.

రెండో ఏడాది జులై, సెప్టెంబరు మధ్య క్వార్టర్ తీసుకోండి. అమ్మకాలు 378. ముందు క్వార్టర్లో 429. క్వార్టర్ లెక్కన 12 శాతం పడిపోయింది. నవంబరులో ఫలితాలొచ్చిన రోజు టీవీలో కింద పోయే ఎర్రక్షరాల్లో "అమ్మకాలు డౌన్" అనొస్తుంది. కానీ సీజన్ ప్రకారం ఈ క్వార్టర్లో ఎంత పడాలి? మొదటి ఏడాది చూడండి, 390 నుంచి 315కి, 19 శాతం. పడాల్సింది 19, పడింది 12. అంటే ఈ రెండేళ్లలో కంపెనీ బాగా ఎదిగిన క్వార్టర్లలో ఇదొకటి. ఏడాది లెక్క చూస్తే 315 నుంచి 378, సరిగ్గా 20 శాతం. ఇక్కడ ఏడాది లెక్క నిజం చెప్పింది, క్వార్టర్ లెక్క అబద్ధం చెప్పింది. ఇంతవరకూ అందరూ ఊహించేదే. ఇక్కడితో ఆగిపోతే "ఏడాది లెక్క చూసుకోండి, చాలు" అని చెప్పి నేను ఇంటికెళ్లిపోవచ్చు. చాలామంది అలాగే చెబుతారు కూడా.

ఇప్పుడు చివరి క్వార్టర్ చూడండి. జనవరి, మార్చి మధ్య 306. ముందు క్వార్టర్ 264. క్వార్టర్ లెక్కన 16 శాతం పెరిగింది. పోయినేడు ఇదే క్వార్టర్లో 270, ఏడాది లెక్కన 13 శాతం పెరిగింది. రెండూ పచ్చగా ఉన్నాయి. రెండంకెల ఎదుగుదల, రెండు వైపులా. మా బామ్మర్దికే కాదు, ఎవరికైనా కొనాలనిపిస్తుంది.

కానీ సీజన్ ప్రకారం డిసెంబరు క్వార్టర్ నుంచి మార్చి క్వార్టర్‌కి ఎంత లేవాలి? మొదటి ఏడాది 225 నుంచి 270, 20 శాతం. ఊరికే కూర్చున్నా 20 శాతం లేవాల్సిన చోట ఈసారి 16 లేచింది. దానికి ముందు క్వార్టర్లోనూ అంతే, మామూలుగా 28.6 శాతం పడాలి, 30 పడింది. తేడా చిన్నదే, కానీ అదే దిక్కు. అంటే కంపెనీ అక్టోబరు నుంచే జారుతోంది. డీలరు వేరే బ్రాండు పెట్టుకున్నాడో, అప్పు మీద మేత ఇవ్వడం తగ్గించారో, కారణం మనకి కాగితంలో దొరకదు. జారుతోందని మాత్రం దొరుకుతుంది.

బాగా ఎదిగిన క్వార్టర్లో క్వార్టర్ లెక్క మైనస్ 12 చూపించింది. జారుతున్న క్వార్టర్లో ప్లస్ 16 చూపించింది. సరిగ్గా తలకిందులు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి. (సభలోంచి: జారుతుంటే ఏడాది లెక్కలో 13 శాతం పెరుగుదల ఎలా వచ్చిందండి?)

మంచి ప్రశ్న, దీనికోసమే ఎదురుచూస్తున్నాను. ఏప్రిల్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు కదా. కట్టేసిన రోజే మీ శివారు బోదెలో నీళ్లు ఆగిపోతాయా? ఆగవు. దారిలో ఉన్న నీళ్లు ఇంకా వస్తూనే ఉంటాయి. శివారు రైతు తన బోదె చూసి "ఇంకా కాలువ వదులుతున్నారు" అనుకుంటే తప్పు అతనిది కాదు, అతను చూసే చోటు అలాంటిది. ఏడాది లెక్క శివారు బోదె. అది చూపించేది ఈ మూడు నెలల్లో ఏం జరిగిందన్నది కాదు, పన్నెండు నెలల్లో జరిగినదంతా కలిపి. ఈ 13 శాతంలో అసలు ఎదుగుదల ఎప్పుడొచ్చింది? రెండో ఏడాది మొదటి క్వార్టర్లో 10 శాతం, రెండో క్వార్టర్ కలిసేసరికి 20 శాతం. ఆ తర్వాత ఎదుగుదల లేదు, ఉన్నదాంట్లోంచి కొంత కారిపోయింది. 20 కాస్తా 17 అయింది, 17 కాస్తా 13 అయింది. ఇంకా ప్లస్సే, కానీ పాత నీళ్లు.

ఇంకో రెండు క్వార్టర్లు ముందుకెళ్దాం. కంపెనీ ఇంకేమీ జారలేదు, మార్చి స్థాయిలోనే నిలబడిపోయిందనుకుందాం. సీజన్ కలిపి లెక్కేస్తే మూడో ఏడాది ఏప్రిల్, జూన్ మధ్య 442 కోట్లు వస్తాయి. ఏడాది లెక్కన 429 మీద 3 శాతం. తర్వాత జులై, సెప్టెంబరు మధ్య 357. పోయినేటి 378 మీద ఐదున్నర శాతం మైనస్. అప్పుడు గానీ ఏడాది లెక్కలో మొదటిసారి ఎరుపు కనపడదు. జారడం ఎప్పుడు మొదలైంది? రెండో ఏడాది అక్టోబరులో. ఏడాది లెక్క మైనస్ చూపించిన కాగితం మీ చేతికొచ్చేది మూడో ఏడాది నవంబరులో. మధ్యలో ఏడాది పైనే గడిచిపోయింది. ఆ ఏడాదంతా "కంపెనీ పెరుగుతోంది" అని రాసినవాళ్లెవరూ అబద్ధం రాయలేదు.

అందుకని నేను చేసే పని ఇదండి, పెద్ద విద్యేమీ కాదు. కంపెనీ పాత కాగితాలు నాలుగైదేళ్లవి దగ్గర పెట్టుకుని, ఈ క్వార్టర్‌కి ముందు క్వార్టర్ నుంచి ప్రతి ఏడాదీ ఎంత లేచిందో, ఎంత పడిందో ఒక వరసలో రాసుకుంటాను. మార్చి క్వార్టర్ ఏటేటా 18, 21, 20, 19 ఇలా లేస్తుంటే, దాని మామూలు లేవడం 20 అటూఇటూ. ఈసారి లేచినదాన్ని సున్నాతో కాదు, ఆ 20తో పోలుస్తాను. దాళ్వాని దాళ్వాతో పోల్చడం కూడా ఇదే. కాకపోతే పంటని పంటతో కాకుండా, సార్వా నుంచి దాళ్వాకి లేచిన ఎత్తుని పోయినేటి ఎత్తుతో పోలుస్తున్నాం. ఇలా చేస్తే సీజన్ పోతుంది, పాత నీళ్లూ పోతాయి. ఒక్క ఏడాది ముచ్చట నమ్మొద్దు, అందులో తుపాను ఉండొచ్చు, వైట్ స్పాట్ వైరస్ ఉండొచ్చు. నాలుగేళ్లు చూసినా ఆ అంకెలు ఒకసారి 5, ఒకసారి 35 అని గంతులేస్తుంటే ఆ కంపెనీకి ఈ లెక్క పనిచేయదు, వదిలేయండి.

ఏడాది లెక్కకి ఇంకో జబ్బుంది. అది బేస్‌తో వస్తుంది, అంటే దేంతో పోలుస్తున్నామో ఆ పోయినేటి అంకెతో. మీకు 2011 గుర్తుందా? (సభలోంచి: క్రాప్ హాలిడే!) అవును, కోనసీమలో రైతులు ఆ సార్వాకి పంట విరామం ప్రకటించారు. పొలాలు బీడు పెట్టారు. 2012లో మళ్లీ నాట్లేశారు. తీరా కోతల ముందు, నవంబరు మొదట్లో, నీలం తుపాను వానలకి చేలు మునిగిపోయాయి. మునిగిన చేలో రైతుకి దక్కింది అంతంతమాత్రం. కానీ బీడు పెట్టిన అదే చేను పోయినేటి లెక్కతో పోలిస్తే? ఎన్ని గింజలొచ్చినా పెరుగుదలే! సున్నా మీద ఏదైనా పెరుగుదలే. రైతు కళ్లనీళ్లు పెట్టుకున్న ఆ ఏడాదే, ఏడాది లెక్కలో బంపర్ పంట.

దేశం మొత్తానికి ఇలాంటిది 2021లో జరిగింది. 2019 ఏప్రిల్, జూన్ మధ్య మన జీడీపీ, ధరల పెరుగుదల తీసేసి, 35.66 లక్షల కోట్లు. 2020లో లాక్‌డౌన్, అదే క్వార్టర్‌కి 26.95కి పడింది. 2021లో 32.38కి వచ్చింది. ఏడాది లెక్కన 20.1 శాతం వృద్ధి, పేపర్లో మొదటి పేజీ. రెండేళ్ల కిందటితో పోలిస్తే ఇంకా 9 శాతం తక్కువ. ఆ క్వార్టర్లో కంపెనీలదీ ఇదే కథ. కార్ల కంపెనీల్లో మారుతి అయితే 2020 ఏప్రిల్లో దేశంలో ఒక్క కారూ అమ్మలేదని తనే ప్రకటించింది. సున్నాతో ఏం పోలుస్తాం? అలాంటప్పుడు ఒక ఏడాది వెనక్కి కాదు, రెండేళ్లు వెనక్కి వెళ్లి, చెడిపోని ఏడాదితో పోల్చాలి. బేస్ చెడిందో లేదో తెలుసుకోవడం సులువే. ఏడాది లెక్క ఎక్కువగా కనపడితే, పోయినేడు ఇదే క్వార్టర్లో వచ్చిన ఏడాది లెక్క ఎంతో చూడండి. అది పెద్ద మైనస్ అయితే ఈసారి ప్లస్‌లో కొంత కేవలం తిరిగి లేవడమే.

ఇంకో రకం తేడా ఉంది. ఇది రెండు లెక్కల్నీ చెడగొడుతుంది. సీజన్ జరగడం. పెరగడం కాదు, తరగడం కాదు, పక్కకి జరగడం. ఒక ఏడాది రొయ్య ధర బాగోలేదనో, సీడ్ మీద నమ్మకం లేకనో రైతులు మూడు వారాలు ఆలస్యంగా సీడ్ వేశారనుకోండి. జూన్‌లో అమ్ముడుపోవాల్సిన మేత జులైలో పోతుంది. తిన్న రొయ్య అదే, మేత అదే. కానీ జూన్ 30న గీత గీసేశారు కాబట్టి, మొదటి క్వార్టర్లో ఏడాది లెక్క మైనస్, రెండో క్వార్టర్లో బ్రహ్మాండమైన ప్లస్. ఆగస్టులో అమ్మినవాడూ నవంబరులో కొన్నవాడూ ఇద్దరూ ఒకే చెరువుని చూసి మోసపోయారు.

ఎగుమతి కంపెనీలకి 2025లో ఇది ఇంకా గట్టిగా తగిలింది. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతం చేసింది. తేదీ ముందే తెలిస్తే ఎగుమతిదారు ఏం చేస్తాడు? వీలైనంత సరుకు ముందే ఓడెక్కిస్తాడు. అలాంటి క్వార్టర్లో కనిపించే పెరుగుదల తర్వాతి నెలల దగ్గర తీసుకున్న అప్పు లాంటిది. దీనికి మందు ఒక్కటే, రెండు క్వార్టర్లు కలిపి చూడటం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం తీసుకుని, పోయినేటి మొత్తంతో పోల్చండి. జూన్ 30 గీత లోపలికెళ్లిపోతుంది, అటూఇటూ జరిగినది సర్దుకుంటుంది. సెప్టెంబరు క్వార్టర్ కాగితంలో ఆరు నెలల గడి ఎలాగూ ఉంటుంది.

బట్టలు, టీవీలు, బంగారం అమ్మేవాళ్లకి పండగలు ఇలాగే జరుగుతుంటాయి. దసరా 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2నే వచ్చేసింది. పండగ పది రోజులు ముందుకు జరిగితే కొనుగోళ్లు సెప్టెంబరులోకి జారతాయి, అంటే క్వార్టర్ గీతకి అటు నుంచి ఇటు వస్తాయి. దానికి తోడు ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి, అప్పటిదాకా కొనకుండా ఆగినవాళ్లున్నారు. ఏది పండగ, ఏది పన్ను, ఏది నిజమైన ఎదుగుదల అని విడదీయడం ఆ క్వార్టర్లో ఎవరి తరమూ కాదు. మన సంక్రాంతి మాత్రం ఎంత మర్యాదస్తురాలో చూడండి. సూర్యుణ్ని బట్టి వస్తుంది కాబట్టి ఏటా జనవరి మధ్యలోనే ఉంటుంది. అయినా సంక్రాంతి బట్టలు షాపు అమ్మేది జనవరిలో, మిల్లు షాపుకి అమ్మేది డిసెంబరులో. ఒకే చీర ఒక కంపెనీకి మూడో క్వార్టర్, ఇంకో కంపెనీకి నాలుగో క్వార్టర్. (నవ్వులు)

క్వార్టర్ లెక్కని ఇంతసేపు తిట్టాను. దానికి చోటు లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీలకి కాంట్రాక్టులు నెలనెలా బిల్లవుతాయి, చెరువులా ఎండిపోవడం ఉండదు. అక్కడ ఏడాది లెక్క కంటే క్వార్టర్ లెక్కే ముందు చూస్తారు, డాలరు హెచ్చుతగ్గులు తీసేసి మరీ చూస్తారు. అక్కడ కూడా డిసెంబరు క్వార్టర్ కొంచెం మందం, అమెరికాలో సెలవులు, పని దినాలు తక్కువ. బ్యాంకుల్లో అప్పు మీద వచ్చే వడ్డీకీ డిపాజిట్ మీద ఇచ్చే వడ్డీకీ తేడా ఎటు పోతోందో క్వార్టర్ లెక్కలోనే ముందు తెలుస్తుంది. కానీ మొండి బాకీల దగ్గర జాగ్రత్త. కిసాన్ క్రెడిట్ కార్డు బాకీలు ఎక్కువగా జూన్, డిసెంబరు క్వార్టర్లలో మొండి పడతాయని బ్యాంకులే చెబుతుంటాయి. ఏప్రిల్ ఫలితాల్లో శుభ్రంగా ఉన్న బ్యాంకు జులైలో ఒక్కసారిగా చెడిపోయినట్టు కనపడితే, ముందు పోయినేడు జులైలో ఏం జరిగిందో చూడండి.

బ్యాంకుల మాట వచ్చింది కాబట్టి, విలీనాలు. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది. ఆ తర్వాత నాలుగు క్వార్టర్ల పాటు ఏడాది లెక్కలో ఒకవైపు రెండు సంస్థలు, ఇంకోవైపు ఒకటి. పెళ్లయ్యాక ఇంట్లో జీతాలు రెండయితే "నా జీతం రెట్టింపైంది" అనడమే. నాలుగు క్వార్టర్లయ్యాక ఆ తేడా దానంతటదే పోతుంది.

మార్చి క్వార్టర్ గురించి ఒక్క మాట. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంటుంది చూడండి, బ్యాలెన్సింగ్ ఫిగర్ అని. అంటే ఆ మూడు నెలల అంకె విడిగా ఆడిట్ చేసినది కాదు. ఆడిటైన ఏడాది మొత్తంలోంచి, అంతకుముందు ప్రకటించిన తొమ్మిది నెలల మొత్తాన్ని తీసేయగా మిగిలినది. ఏడాది పొడుగునా జరిగిన సర్దుబాట్లు, డీలర్లకి ఏడాది చివర ఇచ్చే డిస్కౌంట్ల తేడాలు, సరుకు నిల్వ లెక్క తేడాలు, అన్నీ ఆ ఒక్క గడిలో పడతాయి. అందుకే మార్చి క్వార్టర్లో అమ్మకాల కంటే లాభం ఎక్కువ గంతులేస్తుంది. ఆ క్వార్టర్ లాభాన్ని పట్టుకుని క్వార్టర్ లెక్క వేయడం నాకు అసలు ఇష్టం ఉండదు. నాలుగు క్వార్టర్లూ కలిపిన లాభమే చూస్తాను.

(సభలోంచి: మేత రేటు పెంచితే కూడా అమ్మకాలు పెరిగినట్టే కనపడుతుంది కదండీ?)

కనపడుతుంది. సోయా, ఫిష్ మీల్ ధర పెరిగి బస్తా మీద రేటు పెంచితే, ఒక్క బస్తా ఎక్కువ అమ్మకపోయినా ఏడాది లెక్క పన్నెండు నెలల పాటు పెరుగుదల చూపిస్తుంది. పదమూడో నెలలో మాయమైపోతుంది. అందుకే మేత కంపెనీలో కోట్ల పక్కన టన్నులు వెతుక్కోవాలి. ఫలితాల తర్వాత మేనేజ్‌మెంట్ అనలిస్టులతో మాట్లాడే ఫోన్ కాల్ రాతప్రతి ఎక్స్ఛేంజిలో పెడతారు, చాలాసార్లు టన్నులు అందులో దొరుకుతాయి. నేను వేసిన లెక్క కోట్లతో కాక టన్నులతో వేస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది.

(సభలోంచి: బోర్డు మీదున్న కంపెనీకి రేపు ఆగస్టులో ఎంత వస్తే బాగున్నట్టండి?)

అదే అడగాలి, ఫలితం వచ్చాక కాదు, రాకముందే. పోయిన క్వార్టర్ 306. మార్చి క్వార్టర్ నుంచి జూన్ క్వార్టర్‌కి సీజన్ ప్రకారం ఎంత లేవాలి? మొదటి ఏడాది అంకెల్లో 270 పక్కన 390, అంటే 44 శాతం. 306కి 44 శాతం కలిపితే 440 దాటి ఒకటో రెండో. ఆ అంకె ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 460 వస్తే జారుడు ఆగి మళ్లీ ఎదుగుతోంది. 420 వస్తే ఇంకా జారుతోంది, టీవీ మాత్రం క్వార్టర్ లెక్కన 37 శాతం జంప్ అంటుంది. సరిగ్గా 441 వచ్చిందనుకోండి, "44 శాతం జంప్" అని మళ్లీ వార్త వస్తుంది. కంపెనీ మార్చిలో ఎక్కడుందో అక్కడే ఉంది. సీడ్ ఆలస్యమైన ఏడాది అయితే ఈ కాగితాన్ని కూడా నవంబరు దాకా జేబులోనే ఉంచండి, ఆరు నెలల గడి వచ్చాక తీయండి. మా బామ్మర్దికి కూడా ఈ కాగితమే రాసిచ్చాను. ఈసారి సీడ్ ఎప్పుడు వేశారో నేనే వాణ్ని అడగాల్సి వచ్చింది.